అమెరికా ఫోనుకు మన సిమ్ ఎందుకు పట్టదు

మిల్లు మూసినాక కడంబత్తూరు స్టేషన్ పక్కన నేను చాలా ఏండ్లు రీచార్జి అంగడి పెట్టుకోని ఉన్నాను. చిన్న చిన్న రిపేర్లు కూడా చేసేవాణ్ణి. ఇప్పుడు అంగడి లేదు, కానీ ఫోను చేత్తో పట్టుకోని ఇంటికి వచ్చేవాళ్లు మాత్రం తగ్గలేదు. ఈమధ్య ఎక్కువగా వచ్చేది ఒకటే తంటా. పిల్లలు అమెరికా నుంచి మంచి ఫోను పంపుతారు, ఇక్కడ మన సిమ్ వేస్తే అది పట్టదు. తెరమీద ఇంగ్లీషులో ఏదో అడుగుతుంది. ఫోను చెడిపోయిందని కొందరు, సిమ్ చెడిపోయిందని కొందరు అనుకుంటారు. రెండూ బాగానే ఉంటాయి.

సంగతేమంటే, ఆ దేశాల్లో ఫోను అమ్మేది చాలామటుకు సిమ్ కంపెనీలే. వెయ్యి డాలర్ల ఫోనును నెలకింత అని కంతులకు ఇస్తారు. కంతులు కట్టకుండా ఇంకో కంపెనీకి పోకూడదు గదా, అందుకని ఆ ఫోను తమ సిమ్‌తో మాత్రమే పనిచేసేట్టు తాళం వేసి అమ్ముతారు. మన దేశంలో అంగట్లో కొనే ఫోన్లకు సాధారణంగా ఈ తాళం ఉండదు, అందుకే మనకి ఇది కొత్తగా కనిపిస్తుంది. అయినా మనం అసలు చూడనిదేం కాదు. 2003లో రిలయన్స్ వాళ్లు 501 రూపాయలు ముందు కట్టించుకోని ఇచ్చిన సెట్లు గుర్తుండే ఉంటాయి. వాటిలో సిమ్ పెట్టే చోటే ఉండేది కాదు, నెంబరు ఫోన్లోనే ఎక్కించి ఇచ్చేవాళ్లు. తర్వాత 2017లో 1500 రూపాయలు డిపాజిట్ కట్టించుకోని జియో ఫోను ఇచ్చినారు. మన ఇండ్లలో ఇప్పటికీ ఉన్నాయి. దాన్లో జియో సిమ్ తప్ప ఇంకోటి వేస్తే పనిచేయదు. దానికి కోడు కావాలని నా దగ్గరికి వచ్చినవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ఆ ఫోను ఉన్నంతకాలం జియోతోనే వాడుకోండి, కోడు పేరుతో ఎవరికీ డబ్బు ఇవ్వకండి.

అమెరికా ఫోను సంగతి అట్ల కాదు. దానికి కోడు ఉంటుంది, అర్హత ఉంటే కంపెనీయే ఉచితంగా ఇస్తుంది.

ముందు తాళం ఫోనుదా సిమ్‌దా తేల్చుకోవాలి. సిమ్‌కి కూడా ఒక తాళం ఉంది. తెరమీద `SIM PIN` అనో `PUK` అనో అడిగితే అది సిమ్ తాళం. పిన్ మూడుసార్లు తప్పు కొడితే పీయూకే అడుగుతుంది, పీయూకే పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇంక పనికిరాదు, కొత్తది తీసుకోవాల్సిందే. ఆ పీయూకే నెంబరు మన సిమ్ కంపెనీ ఇస్తుంది. అట్లగాక, సామ్‌సంగ్ లాంటి ఫోన్లలో `SIM network unlock PIN` అని అడిగితే అది ఫోను తాళం. రెండింట్లోనూ పిన్ అనే మాట ఉండటంతో జనం ఒకదాని నెంబరు ఇంకోదాంట్లో కొడతారు. మాటల మీద నమ్మకం లేకపోతే ఇట్ల చూడండి. ఆ సిమ్ తీసి ఇంట్లో ఉన్న వేరే ఫోన్లో వేయండి. అక్కడ పనిచేస్తే సిమ్ మంచిదే. తర్వాత ఇంకొకరి సిమ్ తెచ్చి అమెరికా ఫోన్లో వేయండి. దానికీ అదే డబ్బా వస్తే తాళం ఫోనుదే. ఏ కోడూ అడగకుండా ఊరికే సిగ్నలు రాకుండా ఉంటే అది ఇంకో జబ్బు, దాని సంగతి చివర్లో చెప్తాను.

ఫోనుకు మన సిమ్ పరాయిదని ఎట్ల తెలుస్తుంది? మన మిల్లు గేటు కాడ వాచ్‌మన్‌ని తలుచుకోండి. వేలమంది ముఖాలు ఆయనకి తెలీవు. టోకెను నెంబరు చూస్తాడు, మొదటి అంకెల్ని బట్టి స్పిన్నింగా, వీవింగా అని చెప్పేస్తాడు. ప్రతి సిమ్ లోపల కూడా అట్లాంటి నెంబరు ఒకటి ఉంటుంది. ఇది మనం డయల్ చేసే నెంబరు కాదు, లోపల దాగి ఉండేది, సాధారణంగా 15 అంకెలు. మొదటి మూడు అంకెలు దేశం. మన దేశానివి 404 లేదా 405తో మొదలవుతాయి, అమెరికావి 310 లాంటి వాటితో. ఆ తర్వాతి రెండు మూడు అంకెలు కంపెనీ. 310 తర్వాత 410 ఉంటే అది ఏటీఅండ్‌టీ సిమ్. మిగిలినవి ఆ మనిషికి ఇచ్చిన వరుస. తాళం వేసిన ఫోన్లో 'ఈ అంకెలతో మొదలయ్యేవాళ్లనే లోపలికి రానియ్యి' అని రాసి పెట్టి ఉంటారు. ఫోను వెలిగినప్పుడు సిమ్‌లోని నెంబరు చదువుతుంది, మొదటి అంకెలు సరిపోతే గేటు తీస్తుంది. మన 404 కనపడగానే ఆపి కోడు అడుగుతుంది. అంతే, దీన్లో సిగ్నలుకు గానీ టవరుకు గానీ పనేం లేదు. అందుకే టవరు కింద నిలబడినా అదే మాట అంటుంది.

ఇంక కోడు. ప్రతి ఫోనుకు ఐఎమ్‌ఈఐ అని 15 అంకెల నెంబరు ఉంటుంది. డయల్ చేసే చోట ఇది కొడితే తెరమీదికి వస్తుంది:

```
*#06#
```

కోడు ఆ ఒక్క ఐఎమ్‌ఈఐకి మాత్రమే. ఒకే రోజు ఒకే అంగట్లో కొన్న రెండు ఫోన్లయినా ఒకదాని కోడు ఇంకోదానికి పనికిరాదు. ఫోను తయారుచేసిన కంపెనీ తాళం వేసేటప్పుడే ప్రతి ఫోనుకీ ఒక కోడు పెట్టి, ఆ పట్టీని సిమ్ కంపెనీకి అప్పజెప్తుంది. మనం ఐఎమ్‌ఈఐ చెప్తే వాళ్లు పట్టీలో చూసి ఇస్తారు.

పాత నోకియా కాలంలో ఇట్ల ఉండేది కాదు. అప్పటి కోడు ఐఎమ్‌ఈఐ అంకెల్నీ కంపెనీ అంకెల్నీ కలిపి ఒక లెక్క వేస్తే వచ్చేది. ఆ లెక్క బయటికి పొక్కింది. దాంతో కంప్యూటరు ఉన్న ప్రతి అంగట్లోనూ కోడు తీసిచ్చేవాళ్లు. మూర్ మార్కెట్ నుంచి ఒకాయన ఆ ప్రోగ్రాం తెచ్చి నాకు కూడా ఇచ్చినాడు. వచ్చిన 15 అంకెల కోడును ఇట్ల కొట్టాలి, `p` కోసం స్టార్ బటన్ను మూడుసార్లు, `w` కోసం నాలుగుసార్లు, `+` కోసం రెండుసార్లు నొక్కాలి:

```
#pw+123456789012345+1#
```

ఐదుసార్లు తప్పితే ఆ ఫోను ఇంక కోడు తీసుకోదు. తర్వాత వచ్చిన ఫోన్లలో లెక్కతో వచ్చే కోడు తీసేసి, దేనికీ సంబంధం లేని అంకెలు పెట్టినారు. ఆ రోజుతో మా అంగళ్ల కోడు వ్యాపారం అయిపోయింది. ఇప్పుడు ఎవడైనా 'నా దగ్గర సాఫ్ట్‌వేర్ ఉంది, కోడు లెక్కగట్టి ఇస్తా' అంటే వాడు 20 ఏండ్ల కిందటి మాట చెప్తున్నాడు అనుకోండి.

మా మరదలి ఫోను విషయం చెప్తే మిగతా అంతా తెలుస్తుంది. మా తమ్ముడు పోయినాక ఆమెకు మిల్లు పెన్షను వస్తుంది, నెలకు వెయ్యి రూపాయలు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇయ్యాల. ఫోన్లో ముఖం చూపించి ఇంటి నుంచే ఇవ్వొచ్చు అని చెప్పినాక ఆమెకి పెద్ద సంబరం, ఎందుకంటే మోకాళ్లతో బస్సెక్కి తిరువళ్లూరు పోవడం ఆమెకి కష్టం. అంతలో ఉన్న ఫోను నీళ్ల తొట్టిలో పడింది. అమెరికాలో ఉండే కూతురు, అల్లుడు వాడిన సామ్‌సంగ్ ఫోను ఒకటి పంపినారు. ఇక్కడి సిమ్ వేస్తే `Network locked SIM card inserted` అన్నది. పక్కింటి పిల్లోడు ఉత్సాహంగా 00000000, 12345678 అని రెండు కోడ్లు కొట్టేసినాడు. తర్వాత తిరువళ్లూరులో ఒక అంగడికి తీసకపోతే 3500 రూపాయలు అడిగినారంట. అంటే మూడున్నర నెలల పెన్షను. అప్పుడు ఫోను నా దగ్గరికి వచ్చింది.

"బావా, దీన్ని తిరిగి పంపించేద్దామా?" అనింది.

"వద్దమ్మా. ముందు ఇంకెవరూ కోడు కొట్టకుండా చూడు" అన్నాను.

ఎన్నిసార్లు తప్పొచ్చు అనేది మోడల్‌ని బట్టి ఉంటుంది. కొన్నింట్లో ఐదు, కొన్నింట్లో పది. చాలా ఫోన్లు ఎన్ని మిగిలినాయో చెప్పవు కూడా. అన్నీ అయిపోతే ఫోను గడ్డకట్టుకోని పోతుంది. అప్పుడు అసలు కోడు దొరికినా తీసుకోదు. కొన్ని మోడళ్లకి ఆ గడ్డ విప్పను వేరే కోడు ఉంటుంది, కొన్నింటికి అదీ ఉండదు. రెండుసార్లు పోయినాయి గాబట్టి మూడోది కంపెనీ ఇచ్చిన కోడే కావాల, అదీ ఒక్కో అంకె చూసుకోని కొట్టాల.

ఇంకో మాట. తాళం ఉన్నది సిమ్ గేటుకు మాత్రమే. వైఫై, కెమెరా, యాప్‌లు అన్నీ నడుస్తాయి. అందుకని ఆమె సిమ్‌ను బటన్ల ఫోన్లో వేసి ఇచ్చినాను, ఓటీపీలు దాంట్లోకి వచ్చినాయి. నా ఫోను నుంచి హాట్‌స్పాట్ పెట్టి, తాళం వేసిన సామ్‌సంగ్‌లోనే ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ పంపించేసినాము. తాళం తీసే పని నిదానంగా చేసుకోవచ్చు అని అప్పుడే తెలిసిపోయింది. తొందర ఉంటేనే మనుషులు 3500 ఇచ్చేది.

అల్లుడికి ఫోన్ చేసి ఐఎమ్‌ఈఐ చదివి చెప్పినాను. ఈ ఫోన్లో రెండు ఐఎమ్‌ఈఐలు కనిపిస్తాయి, కోడు కోసం అడిగేది మొదటిది. ఆయన అక్కడి కంపెనీ వాళ్ల పేజీలో అర్జీ పెట్టినాడు. రెండు రోజులకి జవాబు వచ్చింది, అర్హత లేదని. ఎందుకంటే ఆ ఫోను 36 నెలల కంతులకి తీసుకున్నది, ఇంకా 7 నెలలు బాకీ. ఆయనకి ఆ సంగతే తట్టలేదు. బిల్లులో కలిసి పోతావుంటుంది గదా, కొత్త ఫోను తీసుకున్నాక పాతది మన సొంతం అయిపోయింది అనుకున్నాడు. నెలకు 22 డాలర్ల లెక్కన 154 డాలర్లు ఒకేసారి కట్టేసినాడు. కట్టినది లెక్కలోకి ఎక్కేదాకా నాలుగు రోజులు ఆగి మళ్లీ అర్జీ పెట్టినాడు. ఈసారి 8 అంకెల కోడు మెయిల్లో వచ్చింది.

అర్హత అంటే కంపెనీ చూసేవి కొన్నే. ఏటీఅండ్‌టీ లెక్క చెప్తాను, మిగతావాళ్లవి కూడా ఆ దారిలోనే ఉంటాయి, రోజుల లెక్క మాత్రం మారుతుంది. ఫోను వాళ్లు అమ్మినదై ఉండాలి. డబ్బు పూర్తిగా తీరి ఉండాలి. కనీసం 60 రోజులు వాళ్ల దగ్గర వాడకంలో ఉండాలి, ప్రీపెయిడ్ ఫోనైతే ఆరు నెలలు. పోయిందనో దొంగిలించారనో ఫిర్యాదు ఉండకూడదు. అర్జీ పెట్టేవాడు ఇప్పుడు వాళ్ల సిమ్ వాడతా ఉండాలనేం లేదు, వేరే వాళ్ల దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాడైనా పెట్టొచ్చు. కానీ మొదటివాడి బాకీ తీరకపోతే రెండోవాడికి కోడు రాదు. ఆన్‌లైన్లో సెకండ్‌హ్యాండ్ కొని పంపే పిల్లలు ఇక్కడే ఇరుక్కుంటారు. ఇంకొకటి, అర్జీ పెట్టగానే నిజంగా మీరేనా అని ఒక మెయిల్ వస్తుంది. దాన్లోని లింకును 24 గంటల్లో నొక్కాలి, లేదంటే అర్జీ చెల్లదు. ఇక్కడ పగలైతే అక్కడ రాత్రి గదా, కాబట్టి మెయిల్ చూసుకునేవాళ్ల అడ్రసే ఇవ్వండి.

ఈ హక్కు ఊరికే రాలేదు. ఒక దశలో అమెరికాలో కంపెనీ అనుమతి లేకుండా తాళం తీయడమే కాపీరైటు చట్టం కింద తప్పు అయింది. జనం గట్టిగా అడిగితే 2014 ఆగస్టులో దాన్ని సరిచేస్తూ చట్టం తెచ్చినారు. కెనడాలో 2017 డిసెంబరు నుంచి కొత్త ఫోన్లు తాళం లేకుండానే అమ్మాలి, ఇంగ్లండులో 2021 డిసెంబరు నుంచి అంతే. ఆ దేశాల్లో ఆ తర్వాత కొన్న ఫోనైతే ఈ బాధ మీకు ఉండదు.

కోడు వచ్చినాక పని రెండు నిమిషాలే. ఫోను ఆఫ్ చేసి మన సిమ్ వేసినాము. పరాయి సిమ్ ఉంటేనే కోడు అడిగే డబ్బా వస్తుంది, అమెరికా సిమ్‌తో గానీ సిమ్ లేకుండా గానీ రాదు. మా మరదలు మెయిల్లోని అంకెలు చదువుతావుంటే నేను కొట్టినాను, నొక్కేముందు ఇద్దరం మళ్లీ చూసినాము. `Network unlock successful` అని వచ్చింది. కాసేపట్లో సిగ్నల్ గీతలు లేచినాయి. ఇట్ల తీసిన తాళం మళ్లీ పడదు. ఫోన్లో అంతా చెరిపి మొదటినుంచి పెట్టినా మళ్లీ కోడు అడగదు.

బయట కోడు అమ్మేవాళ్లు వాటిని ఎక్కడి నుంచి తెస్తారు అని అడుగుతారు కొందరు. లెక్క వేసి రాదు అని చెప్పినాను గదా. కంపెనీ పట్టీలోకి తొంగి చూసినవాడికే దొరుకుతుంది. అమెరికాలో సియాటిల్ కోర్టు 2021లో పాకిస్తాన్ మనిషి ఒకాయనకి 12 ఏండ్ల జైలు వేసింది. ఏటీఅండ్‌టీ ఉద్యోగులకి లంచం ఇచ్చి సుమారు 19 లక్షల ఫోన్ల తాళాలు తీయించినందుకు. అంత పెద్ద దొంగతనం చేసినా వాళ్లకి కోడు లెక్కగట్టడం చేతకాలేదు, లోపలి మనిషిని కొనాల్సి వచ్చింది. మన దగ్గర 3500 అడిగే అంగడివాడు ఆ కంపెనీ మనిషిని కొనలేడు. ఆయన చేసేది ఎక్కువగా ఫోను సాఫ్ట్‌వేర్‌ని కెలకడం. అప్‌డేట్ వస్తే తాళం తిరిగి పడొచ్చు, ఫోనే చచ్చిపోవచ్చు. కొందరు ఏకంగా ఐఎమ్‌ఈఐ మార్చేస్తారు. అది మన దేశంలో నేరం, మూడేండ్ల దాకా జైలు ఉంది, ఫోను చేతిలో ఉన్నవాళ్లకీ చిక్కే. అంగడికి ఇచ్చే ముందు `*#06#` కొట్టి నెంబరు రాసి పెట్టుకోండి, తిరిగి తీసుకునేటప్పుడు మళ్లీ కొట్టి చూడండి.

తాళం తీసినా సిగ్నలు రాకపోతే? అది ముందు చెప్పిన ఇంకో జబ్బు. ప్రతి దేశంలో టవర్లు వాడే తరంగాలు వేరు. అమెరికా కోసం చేసిన ఫోనులో మన తరంగాలు కొన్ని ఉండకపోవచ్చు. కోడు గేటు తెరుస్తుంది గానీ లేని రేడియోని పుట్టించలేదు. జియోతో ఇంకో చిక్కు ఉంది. వాళ్లకి పాత 2జీ లేదు, మాట కూడా 4జీ మీదనే పోవాలి. అమెరికా ఫోనుకు ఆ పద్ధతి జియోతో కుదరకపోతే నెట్ వస్తుంది, కాల్ మాత్రం పోదు. అట్లాంటప్పుడు 2జీ ఉన్న కంపెనీ సిమ్ వేసి చూడండి. మా మరదలిది ఎయిర్‌టెల్, కాల్స్ వెంటనే పోయినాయి.

ఐఫోనుకు ఇవేం లేవు, కొట్టడానికి కోడే లేదు. కంపెనీ ఒప్పుకుంటే ఆపిల్ వాళ్ల కంప్యూటర్లో ఆ ఐఎమ్‌ఈఐ పక్కన రాసేస్తారు, ఫోను వైఫైలో ఉన్నప్పుడు దాన్ని తెలుసుకోని గేటు తీసేస్తుంది. `Settings`, `General`, `About` లోకి పోయి `Carrier Lock` అనే చోట చూడండి. `No SIM restrictions` అని ఉంటే తాళం లేనట్టు. ఐఫోన్ కోడు అమ్ముతామనేవాళ్ల మాట నమ్మొద్దు. అమెరికాలో 2022 నుంచి అమ్ముతున్న ఐఫోన్ 14, ఆ పైవాటికి సిమ్ పెట్టే చీలికే ఉండదు, ఈ-సిమ్ ఎక్కించుకోవాలి. తాళం లేకపోయినా మన చేతిలో ఉన్న సిమ్ ముక్క దాన్లో పెట్టలేము. మన కంపెనీల ఆఫీసుకు ఆధార్ తీసుకోని పోతే ఉన్న నెంబరునే ఈ-సిమ్‌గా మార్చి ఇస్తారు.

పిల్లలు విమానం ఎక్కే ముందే ఒక ఫోన్ చేసి ఈ మూడు అడగండి. కంతులు తీరినాయా, `Carrier Lock` దగ్గర ఏముంది, సిమ్ పెట్టే చోటు ఉందా. తాళం తీయడం అక్కడ ఉన్నప్పుడే తేలిక, వాళ్ల సిమ్ ఇంకా ఫోన్లోనే ఉంటుంది, బిల్లు కట్టిన మనిషి కూడా పక్కనే ఉంటాడు.